క్రియను తేదీతో కలిపి చదవండి

సందేహం: తెలుగు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నాను. బయోడేటా తెలుగులోనే కావాలన్నారు. రాసి మా అక్కకు చూపిస్తే "ఒకచోట బోధిస్తాను, ఒకచోట దిద్దడం జరిగింది, ఇంకోచోట పనిచేయుచున్నాను... ఏ కాలమే ఇది?" అంది. తేదీలు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయట. పంపేముందు ఏమేం సరిచూసుకోవాలి? వర్డ్‌లో పంపాలా, పీడీఎఫ్‌లోనా? కాగితం జతచేశాను.
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

సమాధానం: మీ కాగితంలో అనుభవం కింద ఉన్న మూడు పద్దులు ఇవి. పాఠకుల కోసం మీరు రాసినట్టే ఇస్తున్నాను.

2016 – 2019 వరకు: దిల్‌సుఖ్‌నగర్‌లోని ప్రైవేటు పాఠశాలలో 8, 9, 10 తరగతులకు తెలుగు బోధిస్తాను.

06/07/2019 నుండి 03/2022 దాకా: అబిడ్స్‌లోని ప్రచురణ సంస్థలో వాచకాల ప్రూఫులు దిద్దడం జరిగింది.

జూన్ 2022 నుంచి: ఉప్పల్‌లోని పాఠశాలలో పనిచేయుచున్నాను. ఆరు, ఏడు తరగతులకు తెలుగు చెప్పాను.

మీ అక్కగారు పట్టుకున్నవన్నీ కాలదోషాలు కావు. వాటిలో ఒకటే కాలానికి సంబంధించింది, మిగతా రెండూ వేరు. ఆవిడ కంటపడని కాలదోషం మరొకటి ఉంది. నా పద్ధతి ఏమిటంటే, చివరిసారి దిద్దేటప్పుడు పద్దు మొత్తం చదవను. ముందున్న తేదీ, చివరనున్న క్రియ, ఈ రెండే చూస్తాను. మధ్యలో ఉన్నది చదివితే మనసు అర్థం వెంట పోతుంది, తప్పు కంటికి ఆనదు.

మొదటి పద్దు అలా చదవండి. "2019 వరకు... బోధిస్తాను." తేదీ ముగిసిపోయింది, క్రియ ముగియలేదు. నేటి తెలుగులో "చేస్తాను" అనే రూపం రెండు పనులు చేస్తుంది. "రేపు వస్తాను" అంటే భవిష్యత్తు. "రోజూ ఆరింటికి లేస్తాను" అంటే అలవాటు. ఈ అలవాటునే సంప్రదాయ వ్యాకరణం తద్ధర్మం అంటుంది. గ్రాంథికంలో తద్ధర్మానికి "చేయుదును" అనే రూపం విడిగా ఉండేది, వాడుకభాషలో రెండూ ఒకే రూపంలో కలిసిపోయాయి. అందుకే "తెలుగు బోధిస్తాను" అన్న మాట చదివినవాళ్లకు, ఇప్పుడు బోధిస్తున్నారా, ఉద్యోగమిస్తే బోధిస్తానని మాటిస్తున్నారా అన్నది తేలదు. మీరు చెప్పదలచుకున్నది ఆ రెండూ కాదు. ముగిసిన ఉద్యోగానికి ముగిసిన క్రియ వేయాలి: "చెప్పాను". "చెప్పేదాన్ని" అన్నా తప్పు కాదు గానీ, ఆ రూపంలో జ్ఞాపకం చెప్పుకునే ధోరణి ఉంటుంది. "చిన్నప్పుడు అమ్మమ్మగారింటికి వెళ్లేదాన్ని" అన్నట్టు. బయోడేటాలో "చెప్పాను" చాలు. మూడేళ్లు చెప్పారన్న సంగతి తేదీలే చెబుతాయి.

రెండో పద్దులో కాలం సరిగానే ఉంది. పోయింది కర్త. "దిద్దడం జరిగింది" అంటే ఎవరు దిద్దినట్టు? ఆఫీసు నోట్లలో పని చేసిన మనిషిని తప్పించడానికి పనికొచ్చే వాక్యం ఇది. బయోడేటాలో కావలసిందే ఆ మనిషి. "దిద్దాను" అని రాయండి.

మూడో పద్దులో "పనిచేయుచున్నాను" వర్తమానమే, తప్పేమీ లేదు. కాకపోతే అది గ్రాంథికరూపం. పక్కనే "చెప్పాను" అని వాడుకభాష రాశారు కాబట్టి చెవికి తేడాగా తగులుతోంది. మీ అక్కగారు కాలం అనుకున్నది శైలిని. "పనిచేస్తున్నాను" అంటే తేడా పోతుంది. అసలు కాలదోషం ఆ తర్వాతి వాక్యంలో ఉంది. ఇంకా అక్కడే ఉన్నారు కదా, మరి "చెప్పాను" ఎందుకు? చదివేవాళ్లు మీరు ఆ తరగతులు వదిలేశారనుకుంటారు. "చెబుతున్నాను" కావాలి.

ఇక మీ కాగితం అడుగున, నైపుణ్యాల కింద "ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదిస్తాను" అని ఉంది. అక్కడా అదే చిక్కు, అలవాటా మాటివ్వడమా అని. నైపుణ్యం చెప్పేచోట "అనువదించగలను" అనండి. అలా కాగితం మొత్తంలో మూడు రూపాలే మిగులుతాయి: ముగిసినదానికి "చెప్పాను", నడుస్తున్నదానికి "చెబుతున్నాను", చేతనైనదానికి "అనువదించగలను". ఇవి మూడూ వేరువేరు కాలాల్లో, అర్థాల్లో ఉన్నాయని కంగారుపడకండి. కాలం కుదరడమంటే అన్ని వాక్యాలకూ ఒకే క్రియారూపం వేయడం కాదు, ఒకే రకం పద్దుకు ఒకే రూపం వేయడం. క్రియలే వద్దనుకుంటే "తెలుగు బోధన", "ప్రూఫులు దిద్దడం" అని నామవాచకాలతో ముగించవచ్చు. అప్పుడు అన్ని పద్దులూ అలాగే ముగియాలి, ఒక్కటి కూడా క్రియలోకి జారకూడదు.

తేదీల సంగతి. 06/07/2019 మనకు జులై ఆరు. అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటరు వాడేవాళ్లకు జూన్ ఏడు. నెలను అక్షరాల్లో రాస్తే ఈ గొడవే ఉండదు. ఏ వరసలో రాయాలన్నదానికి మన విభక్తి ప్రత్యయమే దారి చూపిస్తుంది. రోజుకు "న" చేరుతుంది: ఆరో తేదీన, 6న. సంవత్సరానికి "లో" చేరుతుంది: 2019లో. "జులై 6, 2019న చేరాను" అని రాస్తే రోజుకు చేరవలసిన "న" వెళ్లి సంవత్సరాన్ని పట్టుకుంటుంది. "6 జులై 2019న" అన్నా అంతే. "2019 జులై 6న చేరాను" అంటే ప్రత్యయం తన చోట తాను కూర్చుంటుంది. పెద్దది ముందు, చిన్నది తర్వాత. రోజు అవసరం లేకపోతే "2019 జులైలో". ప్రత్యయం చేర్చనక్కర్లేని పట్టికలో ఏ వరసైనా తప్పు కాదు, కానీ వాక్యాల్లో ఒకటి, పట్టికలో ఒకటి ఎందుకు?

"2016 – 2019 వరకు" అన్నది కూడా సరిచేసుకోండి. ఆ గీతే "నుంచి... వరకు" అని చెబుతోంది. గీత పెడితే "వరకు" వద్దు, "వరకు" కావాలంటే ముందు "నుంచి" ఉండాలి. నుంచి, నుండి, వరకు, దాకా, జులై, జూలై ఇవన్నీ ఒప్పులే. ఒక కాగితంలో జంటలోంచి ఒక్కటే ఉండాలి. కంటితో వెతకొద్దు, `Ctrl+F` నొక్కి "నుండి" అని కొట్టండి, మిగిలినవి దొరుకుతాయి. దిద్దితే మీ పద్దులు ఇలా ఉంటాయి:

2016 జూన్ – 2019 ఏప్రిల్: దిల్‌సుఖ్‌నగర్‌లోని ప్రైవేటు పాఠశాలలో 8, 9, 10 తరగతులకు తెలుగు చెప్పాను.

2019 జులై – 2022 మార్చి: అబిడ్స్‌లోని ప్రచురణ సంస్థలో వాచకాల ప్రూఫులు దిద్దాను.

2022 జూన్ నుంచి: ఉప్పల్‌లోని పాఠశాలలో 6, 7 తరగతులకు తెలుగు చెబుతున్నాను.

మొదటి పద్దులో నెలలు నేను బడి సంవత్సరాన్ని బట్టి వేసినవి. మీ సర్వీసు సర్టిఫికెట్ చూసి అసలువి వేసుకోండి.

సంతకం పక్కన తేదీ ఉంది కదా, అది చేత్తో కొట్టారా, వర్డ్ వేసిందా? తేదీ చేర్చేటప్పుడు `Update automatically` దగ్గర టిక్కు ఉంటే ఆ తేదీ స్థిరంగా ఉండదు, కాగితం తెరిచిన రోజుకు మారిపోతుంది. నేనొకసారి ఒక విద్యార్థికి అలా సిఫారసు లేఖ ఇచ్చాను. గడువులోపే ఇచ్చినా, వాళ్లు తెరిచేసరికి గడువు దాటిన తేదీ కనిపించింది. ఆ అమ్మాయి మళ్లీ నా దగ్గరికి రావలసి వచ్చింది. అప్పటినుంచి తేదీ చేత్తోనే కొడుతున్నాను.

కాగితం అమరికలో రెండు చూశాను. కుడివైపు ఊళ్ల పేర్లను స్పేసులు కొట్టి జరిపారు. `Ctrl+Shift+8` నొక్కితే ఆ స్పేసులు చుక్కల వరసల్లా కనిపిస్తాయి. తెలుగు అక్షరాలన్నీ ఒకే వెడల్పు ఉండవు. ఫాంటు మారగానే ఆ వరస చెదురుతుంది. చుక్కలు తీసేసి ఒక్క ట్యాబ్ పెట్టి, దానికి కుడివైపు హద్దు పెట్టండి. రెండోది, పేరాలను రెండువైపులా సమంగా లాగారు. మన మాటలు పొడవు, వర్డ్ వాటిని పంక్తి చివర విరవదు. దాంతో మాటల మధ్య పెద్ద ఖాళీలు వచ్చాయి. ఎడమవైపు సమంగా ఉంచి కుడివైపు వదిలేయండి. పంక్తుల మధ్య దూరం `Exactly` అని పెట్టకండి, "రాష్ట్ర" లాంటి మాటల్లో కింది ఒత్తులు తెగిపోతాయి.

ఫైలు పేరు biodata.docx అని ఉంది. వాళ్ల దగ్గరకు అదే పేరుతో ఇంకెందరివి వస్తాయో! తెలుగు పేరు పెట్టాలని నాకూ ఉంటుంది. కానీ కొన్ని వెబ్‌సైట్లు తీసుకోవు, కొన్నిచోట్ల "అ" అన్న ఒక్క అక్షరమే `%E0%B0%85` అని కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, మీ పేరుతో పెట్టండి: `intiperu-peru-telugu-2025-06.pdf`. చివరి అంకెలు పంపిన సంవత్సరం, నెల. పాతదీ కొత్తదీ కలవకుండా అవి కాస్తాయి.

వర్డా పీడీఎఫా అంటే, వాళ్లు వర్డ్ అని అడగకపోతే పీడీఎఫ్ పంపండి. మామూలుగా వర్డ్ ఫైల్లో ఫాంటు పేరు మాత్రమే వెళుతుంది, ఫాంటు వెళ్లదు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించినది ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. యూనికోడ్‌లో ఉన్నది చదవడానికి వస్తుంది గానీ, ఫాంటు మారి పేజీలు జరిగిపోవచ్చు. వర్డ్ కావాలంటే విండోస్‌తో వచ్చే `Nirmala UI` వాడి పంపండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉంటుంది కాబట్టి మీరు చూసిందే వాళ్లూ చూస్తారు. వర్డ్‌లో `Save As` నుంచి పీడీఎఫ్ చేయండి. పక్కన దిద్దుబాట్ల గుర్తులు, వ్యాఖ్యలు కనిపిస్తున్నప్పుడు చేస్తే అవి కూడా అందులోకి ఎక్కుతాయి, ముందు వాటిని తీసేయండి.

పీడీఎఫ్‌కు ఒక లోపముంది. పైకి చక్కగా కనిపించే తెలుగు లోపల చెదిరి ఉండవచ్చు. అందులోంచి "హైదరాబాద్‌లో" అన్న మాటను, ఒత్తులున్న ఇంకో పంక్తిని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూడండి. అక్షరాలు మారిపోతే, చదివే మనిషికి ఇబ్బంది లేదు గానీ, ఫైల్లో మీ పేరు వెతికినవాళ్లకు దొరకదు. అప్పుడు ఫాంటు మార్చి మళ్లీ చేయండి, అయినా కుదరకపోతే వర్డ్ కూడా జతచేయండి. పీడీఎఫ్ చేశాక తప్పు కనిపిస్తే వర్డ్‌లోకే వెళ్లి దిద్ది, పాత పీడీఎఫ్ తీసేసి కొత్తది చేసుకోండి.