జెట్‌ టబ్బా, మామూలు టబ్బా? లక్ష తేడాకు లెక్క

ప్రశ్న: మాది విజయనగరం. ఇంటిపైన మొదటి అంతస్తు వేస్తున్నాం, కింద పోర్షన్‌ అద్దెకిచ్చాం. మా ఆయనకు నడుంనొప్పి. నీళ్ల ధారలు చిమ్మి ఒళ్లు మర్దించే జెట్‌ టబ్బు లక్షా నలభై వేలు, మామూలు టబ్బు 38 వేలు చెప్పారు. జెట్‌ పెట్టిస్తే కరెంటు బిల్లు పేలిపోతుందని మా తమ్ముడు భయపెడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ తమ్ముడి భయం మోటారు గురించైతే, అది వదిలేయండి. ఒక హార్స్‌పవర్‌ పంపు ఇరవై నిమిషాలు తిరిగితే మూడో వంతు యూనిట్‌ కూడా కాదు. ఖర్చంతా నీళ్లు కాగడంలో ఉంది. జెట్లు మునగాలంటే టబ్బులో సుమారు 250 లీటర్లు పట్టాలి. మన చలికాలం నీళ్లను 24 డిగ్రీల నుంచి 39కి తేవడానికి నాలుగున్నర యూనిట్లు కావాలి. మామూలు టబ్బులో 150 లీటర్లు పోసుకున్నా ఒళ్లు మునుగుతుంది, దానికి రెండున్నర పైచిలుకు చాలు. యూనిట్‌ తొమ్మిది రూపాయలు వేసుకుని వారానికి రెండుసార్లు స్నానం చేసినా, రెండింటికీ తేడా నెలకు నూట యాభై రూపాయలకు కాస్త అటూ ఇటూ. లక్ష రూపాయల నిర్ణయం దీని మీద తీసుకోకండి.

అసలు చిక్కు గీజరుతో వస్తుంది. 250 లీటర్లు వేడెక్కాలంటే 60 డిగ్రీల నీళ్లు వంద లీటర్ల దాకా కావాలి. అంటే 25 లీటర్ల గీజరు నాలుగుసార్లు నిండాలి. నాలుగోది కాగేలోపు మొదట పోసినవి చల్లారతాయి. టబ్బులో ఉండే హీటరు ఉన్న వేడిని నిలబెట్టేదే తప్ప చన్నీళ్లను కాచేది కాదు. మోటారు, హీటరు, గీజరు, పడకగదిలో ఏసీ అన్నీ ఒకేసారి నడిస్తే ఐదు కిలోవాట్లు దాటుతుంది. మీ సర్వీసు లోడు ఎంతో బిల్లు మీద చూసుకోండి. చాలకపోతే ఈపీడీసీఎల్‌లో లోడు పెంచమని దరఖాస్తు పెట్టాలి. టబ్బుకు బోర్డు నుంచి నేరుగా విడి లైను, గట్టి ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. నీళ్లలో కూర్చున్న మనిషి ప్రాణం కదా, ఇందులో రూపాయి కూడా తగ్గించొద్దు.

ఇక చప్పుడు. మీ విషయంలో నాకు ఎక్కువ బెంగ దీనిమీదే. పంపు మోటారు టబ్బు కిందే ఉంటుంది, దాని అదురు శ్లాబులోకి దిగుతుంది. కింద పడుకున్నవాళ్లకు నెత్తిమీద గ్రైండరు తిప్పినట్టు ఉంటుంది. మోటారు కింద రబ్బరు ప్యాడ్లు వేయించి, పైపులు గోడకు ఆనకుండా చూస్తే తగ్గుతుంది, పూర్తిగా పోదు. అద్దెవాళ్లు ఖాళీ చేసి రెండు నెలలు పోర్షన్‌ ఖాళీగా ఉంటే ఆ నష్టం ముందు కరెంటు బిల్లు ఏపాటి?

జెట్లు కడగడం సంగతి ఎవరూ చెప్పరు. శ్రీకాకుళంలో మా అక్కగారింట్లో ఎండాకాలమంతా వాడని టబ్బును వానల్లో ఆన్‌ చేస్తే, జెట్లలోంచి నల్లటి పొరలు, నానిన మసిపేలికల్లా తేలుతూ వచ్చాయి. నీళ్లు వదిలేశాక కూడా పైపుల్లో కొంత నిలిచిపోతుంది. సబ్బు, ఒంటి జిడ్డు దానికి తోడై జిగురు పడుతుంది, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే నెలకోసారి జెట్లపైన రెండంగుళాలు వేణ్ణీళ్లు నింపి, నురగరాని డిష్‌వాషర్‌ పొడి రెండు చెంచాలు వేసి, పావుగంట తిప్పి వదిలేయాలి. మళ్లీ చన్నీళ్లు నింపి పది నిమిషాలు తిప్పాలి. ఒక్కో కడుగుడుకు ఐదు వందల లీటర్లు. మీ బోరునీళ్లు కుళాయిలకు తెల్ల మరకలు పెడుతున్నాయంటే హీటరులోనూ అదే గారపడుతుంది. నీళ్లు తక్కువున్నప్పుడు మోటారు ఆన్‌ చేస్తే గురగుర చప్పుడొచ్చి సీలు కాలుతుంది. అది మార్చాలంటే టబ్బు పక్కన తలుపు ఉండాలి. టైల్స్‌తో మూసేస్తే పగలగొట్టాల్సిందే.

నా మాట: మామూలు టబ్బు తీసుకోండి. నడుముకు వేడినీళ్లలో నానడమే ముఖ్యం, అది 38 వేల టబ్బులోనూ దొరుకుతుంది. మిగిలిన లక్షలో ముందు పెద్ద గీజరో, సోలార్‌ హీటరో పెట్టించండి. గోడకు పట్టుకునే కడ్డీలు, జారని చాప కొనండి. మిగిలింది బ్యాంకులో ఫిక్స్‌డ్‌ వేయండి. గోడలు ఇంకా పూత కాలేదు కాబట్టి టబ్బు పక్కకు విడి లైను పైపు, ఎర్తింగు ఇప్పుడే వేయించి మూత పెట్టేయండి. రెండేళ్లు వాడాక ఆయన వారానికి మూడుసార్లు టబ్బులో దిగుతుంటే, అప్పుడు జెట్‌ టబ్బు గురించి నాకు మళ్లీ రాయండి.