లక్కీ డ్రా వాయిదా పడితే టికెట్ కొన్నవాళ్లకు ఏమని రాయాలి?

"మా సేవా సంస్థ లక్కీ డ్రా వాయిదా పడింది. టికెట్లు కొన్నవాళ్లకు కొత్త తేదీ చెప్తే సరిపోతుందా, డబ్బులు వెనక్కి ఇస్తామని కూడా రాయాలా?"

రెండూ రాయండి. నేను మొదటిసారి "అనివార్య కారణాల వల్ల వాయిదా వేశాం" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను, ఇక ఆ సాయంత్రం నుంచి ఫోన్లే ఫోన్లు. డబ్బులు తినేశామేమో అని కొందరు మొహం మీదే అడిగారు.

అసలు సంగతి చాలా మామూలుది. 25 టికెట్ల చొప్పున 40 పుస్తకాలు అమ్మకానికి ఇస్తే, డ్రాకి రెండు రోజుల ముందు కూడా ఆరు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు మా చేతికి రాలేదు. అంటే అప్పటికే డబ్బు కట్టినవాళ్లలో 150 మంది దాకా నంబర్లు డబ్బాలో పడకుండానే డ్రా తీసేసేవాళ్లం. రెండో ఉత్తరంలో ఇదే ఉన్నదున్నట్టు రాశాను, గొడవ చల్లారింది.

అందులో ముందు పెట్టిన వాక్యం ఇది: "మీ టికెట్ అలాగే చెల్లుతుంది, బహుమతులు అవే, మీరు ఏమీ చేయనక్కర్లేదు." చాలామందికి కావాల్సింది అంతే. వెనక్కి కావాలన్నవాళ్ల కోసం దాని కింద ఇలా రాశాం: "ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాకే పూర్తి మొత్తం వేస్తాం. నగదు ఇచ్చినవాళ్లు అసలు టికెట్ తెచ్చి మా దగ్గరే తీసుకోవాలి, మీకు అమ్మినవాళ్లను అడగొద్దు." ఆఖరి మాట తప్పకుండా ఉండాలి, లేకపోతే పాపం అమ్మిన వాలంటీర్ సొంత జేబులోంచి ఇచ్చేస్తారు, మన లెక్కలో ఆ నంబర్ బతికే ఉంటుంది. ఆన్‌లైన్ చెల్లింపు మీద పడిన చార్జీ సాధారణంగా మనకు తిరిగి రాదు, దాన్ని సంస్థే భరించాలి, కొన్నవాళ్లకు ఇచ్చేదాంట్లో కోత పెట్టొద్దు.

టికెట్ ఫోటో చూపిస్తే మాత్రం ఒప్పుకోకండి. మేం ఒకరికి అలాగే ఇచ్చేశాం, నాలుగు రోజులకి అదే టికెట్ పట్టుకుని వాళ్ల బావమరిది వచ్చాడు! ఆ తర్వాత నుంచి, తీసుకున్న టికెట్‌ని దాని కౌంటర్‌ఫాయిల్‌కి పిన్ చేసి, అడ్డంగా గీత గీసి, "రద్దు" అని రాసి, సంతకం పెట్టించుకున్నాం. టికెట్ పోగొట్టుకున్నవాళ్లకు కౌంటర్‌ఫాయిల్ మీద ఉన్న పేరు, ఫోన్ నంబర్ సరిపోలితేనే ఇచ్చాం.

ఇంకొకటి, అడగడానికి గడువు కొత్త డ్రాకి కనీసం వారం ముందే ముగిసిపోవాలి. గడువు లేకపోతే బహుమతి రాలేదని తెలిశాక అందరూ డబ్బులే అడుగుతారు. ఆ వారంలో రద్దయిన కౌంటర్‌ఫాయిళ్లు ఏరి పక్కన పెట్టి, మిగతావి లెక్కపెట్టి డబ్బాలో వేయాలి. మాకు 31 వెనక్కి వచ్చాయి, డ్రా రోజు ఆ నంబర్లు మైకులో చదివాకే డబ్బా తిప్పాం. డ్రాకి అనుమతి తీసుకుని ఉంటే, ఈ ఉత్తరం పంపే ముందే కొత్త తేదీ అనుమతి ఇచ్చినవాళ్లకు చెప్పి ఒప్పించుకోండి, వాళ్లు కాదంటే ఉత్తరం మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వస్తుంది.