చీనీ తోటలో ఆఫ్‌సైట్, కంప్లయింట్ చీటీల లెక్క

ప్రశ్న: మా టీమ్‌లో పద్నాలుగు మంది ఉన్నాం. తక్కువ ఖర్చులో ఒకరోజు ఆఫ్‌సైట్ పెట్టమని ఓనర్ అన్నారు. తిని ఫోటోలు దిగి రావడం కాకుండా ఏదైనా పని జరగాలి, జరిగిందని తర్వాత లెక్క చూపించాలి. ఎలా ప్లాన్ చేయాలి?

నేను అనంతపురంలో డ్రిప్పు సామాను అమ్మి, సర్వీసు చేసే షాపులో సర్వీసు సూపర్‌వైజర్‌ని. మీది ఏ వ్యాపారమో రాయలేదు కాబట్టి మా సంగతే చెప్తా.

మా ఓనర్ మొదట అందరినీ గండికోట తీసుకెళ్లాడు. పెన్నా లోయ అంచున వరసగా నిలబడి ఫోటోలు దిగాం, బ్యానర్ పట్టుకున్నాం, మధ్యాహ్నం ఒక గంట ఉపన్యాసం విన్నాం. చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఇచ్చారు. అందరూ ఐదుకి ఐదు వేశారు. ఓనర్ కళ్లెదుట కూర్చుని ఫారం నింపేవాడు రెండు వేస్తాడా? సోమవారం ఎప్పటిలాగే స్టోర్ వాళ్లూ ఫీల్డ్ కుర్రాళ్లూ కొట్లాట. అందుకే ఫీడ్‌బ్యాక్ ఫారంతో ఆఫ్‌సైట్‌ని కొలవడం శుద్ధ దండగ అంటాను. అది భోజనం బాగుందా లేదా అన్నది మాత్రమే చెప్తుంది.

రెండోసారి ఏర్పాట్లు నాకు అప్పగించారు. ఊరు ఎంచుకోకముందే కంప్లయింట్ రిజిస్టరు తెరిచాను. మా దగ్గర పెద్ద తలనొప్పి రెండో విజిట్. రైతు ఫోన్ చేస్తాడు, కుర్రాడు బండేసుకుని వెళ్తాడు, తీరా చూస్తే తెచ్చిన స్పేర్ వేరే, మళ్లీ షాపుకి రావాలి. రాయదుర్గం పక్క ఊరికి పోయి వస్తే ఒక పూట పోయినట్టే. ఆఫ్‌సైట్‌కి ముందు నాలుగు వారాల రిజిస్టరు చూస్తే 96 కంప్లయింట్లలో 31కి రెండోసారి వెళ్లాం. ఇదీ మా లక్ష్యం: మూడో వంతున్న రెండో విజిట్లు ఐదో వంతుకి రావాలి. అంకె ఒక్కటే ఉండాలి, అది ముందే రిజిస్టరులో ఉండాలి, వచ్చేవాళ్ల చేతిలో మారేదై ఉండాలి. 'అమ్మకాలు పెరగాలి' అని పెట్టుకుంటే వాన పడినా పెరుగుతాయి, సబ్సిడీ వచ్చినా పెరుగుతాయి, అప్పుడు ఆఫ్‌సైట్ వల్ల ఏం ఒరిగిందో ఎవడు చెప్పగలడు?

స్థలం గార్లదిన్నె దగ్గర మాకు తెలిసిన రైతు చీనీ తోట. అద్దె తీసుకోలేదు. బదులుగా మా కుర్రాళ్లు ఆయన ఫిల్టరు కడిగి, చెట్ల వరసల వెంట పోయే లేటరల్ పైపుల చివరలు విప్పి మట్టి నీళ్లు వదిలేసి వచ్చారు. సరుకు బండిలో కొందరు, బైకుల మీద కొందరు. పెట్రోలు 1,200. పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం సంకటి, కోడి పులుసు కలిపి 3,000. టీ, నీళ్ల క్యాన్లు, చార్టులు, స్కెచ్ పెన్నులు 800. మొత్తం 5,000. టీషర్టులు వద్దన్నాను, దానికి కొందరు అలిగారు. అలగనీ. ఆ డబ్బుతో ఇంకో ఆఫ్‌సైట్ అవుతుంది.

షెడ్డు పక్క చెట్ల నీడలో జంఖానా పరిచి, రెండో విజిట్ పడిన ఆ 31 కంప్లయింట్ల చీటీలు పోశాం. ఇద్దరిద్దరు జత. జతలో ఒకరు ఫోన్ ఎత్తేవాళ్లో స్టోర్ వాళ్లో, ఇంకొకరు ఫీల్డ్ కుర్రాడు. ఒక్కో చీటీ తీసి, రెండోసారి ఎందుకు పోవాల్సి వచ్చిందో వెనక రాయాలి. ఓనర్‌ని భోజనాల వరకూ రావద్దని ముందే బతిమాలుకున్నాను. ఆయన ఉంటే ఒక్కడూ నోరు విప్పడు.

కాసేపటికి స్టోర్ చూసే అన్న ఒక చీటీ పైకెత్తాడు. దాని మీద రైతు పేరు, ఊరు, కింద 'పైపు లీకు'. అంతే. "ఇది చూసి నేను ఏ పైపని ఇయ్యల్ల సార్? పన్నెండా, పదహారా? నన్నెవురన్నా అడిగినారా?" అన్నాడు. ఫోన్ ఎత్తే అమ్మాయి వెంటనే, "నాకు పైపుల్లో తేడా ఉందని ఎవరు చెప్పినారన్నా?" అంది. లేటరల్‌లో 12 ఎంఎం ఉంటుంది, 16 ఎంఎం ఉంటుంది. ఒకదాని జాయినర్ ఇంకోదానికి పట్టదు. ఇద్దరూ ఒకే గదిలో పనిచేస్తారు. ఈ మాట ఆ గదిలో ఎన్నడూ రాలేదు. చీటీలన్నీ తిరగేస్తే 19 ఇలాంటివే. ఏడు స్టాకు లేక. మిగతావి రైతు తోటలో లేకపోవడం, కరెంటు లేకపోవడం.

ఆ 19 కోసమే మధ్యాహ్నం కూర్చుని ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్నలు రాశాం. పైపు సన్నదా, లావుదా? నీళ్లు తోటంతా తగ్గాయా, ఒక పక్కనే తగ్గాయా, అక్కడక్కడా చెట్లకే రావడం లేదా? తోటంతా తగ్గితే ముందు ఫిల్టరుని అనుమానించాలి, ఒక పక్కే అయితే ఆ పక్కకి నీళ్లిచ్చే సబ్‌మెయిన్ వాల్వునో పైపునో, అక్కడక్కడా అయితే మూసుకుపోయిన డ్రిప్పర్లని. ఫిల్టరుకి ముందూ వెనకా ఉన్న ప్రెషర్ మీటర్లలో అర కేజీకి మించి తేడా కనిపిస్తే జాలీ మూసుకుపోయినట్టే. రైతే కడుక్కోవచ్చు, మనవాడు పోనక్కర్లేదు. తర్వాత ఫోన్ అమ్మాయిని షెడ్డు దగ్గర ఉంచి, ఒక కుర్రాణ్ని తోటలోకి పంపి రైతులా ఫోన్ చేయించాం. స్టోర్ అన్న చీటీ చూసి స్పేర్ తీయాలి. తప్పు తీస్తే ప్రశ్న మార్చి మళ్లీ. నా దృష్టిలో కళ్లకు గంతలు కట్టి ఆడించే ఆటలన్నిటికంటే ఇదే పెద్ద ఆట.

ఇక కొలత. రెండో విజిట్ అంటే ఏమిటో ముందే రాసి గోడకి అంటించాం: అదే రైతు, అదే కంప్లయింట్, ఏడు రోజుల్లోపు మళ్లీ వెళ్లడం. ఎండలు ముదిరితే ఫోన్లు పెరుగుతాయి కాబట్టి సంఖ్య కాకుండా వందకి ఎన్ని అని చూడాలి. తర్వాత నాలుగు వారాల్లో 118 కంప్లయింట్లకి 22 రెండో విజిట్లు. ముందు వందకి 32, ఇప్పుడు 19 లోపే. ఆఫ్‌సైట్‌కి రాని మా కళ్యాణదుర్గం బ్రాంచిలో అదే కాలంలో పెద్ద మార్పు లేదు, అందుకే ఇది సీజన్ మహిమ కాదని గట్టిగా చెప్తున్నా. మీ దగ్గర నెలకి పాతిక ముప్పై కేసులే ఉంటే మాత్రం రెండు మూడు తగ్గాయని సంబరపడకండి, అది మామూలుగా అటూ ఇటూ ఊగేదే. రెండు నెలల లెక్క కలిపి చూడండి.

ఒక మోసం ఉంటుంది. అంకె మీద కన్ను పడగానే పాత కంప్లయింట్ మూసేసి, రెండో విజిట్‌ని కొత్త కంప్లయింట్‌గా రాసేస్తారు. అందుకే రిజిస్టరులో రైతు ఫోన్ నంబరు తప్పనిసరి చేశాను. ఒకే నంబరు వారంలో రెండుసార్లు కనిపిస్తే పట్టుకుంటాను. వారానికి ఐదారుగురు రైతులకి నేనే ఫోన్ చేసి, "మావాడు ఎన్నిసార్లు వచ్చినాడన్నా?" అని అడుగుతాను.

స్టాకు లేని ఆ ఏడూ ఏమయ్యాయంటారా? అలాగే ఉన్నాయి. అది డబ్బు పెట్టాల్సిన వ్యవహారం, ఓనర్‌తో విడిగా తేల్చుకోవాలి. ఏ తోటలో ఎంతసేపు కూర్చున్నా జాయినర్లు కాయవు. ఆదివారం పెట్టి సెలవు తినేయకండి, మామూలు పనిరోజున పెట్టి ఫోన్‌కి ఒకరిని షాపులో ఉంచండి. ఆడపిల్లలు ఉంటే నాలుగుకల్లా తిరుగు బండి ఎక్కించండి. అసలు మీ దగ్గర రిజిస్టరే లేకపోతే ఆఫ్‌సైట్ ఒక నెల వాయిదా వేసి, ఆ నెలంతా రిజిస్టరు రాయించండి.