ఈఎంఐ పట్టిక స్క్రీన్‌షాట్ నుంచి మొత్తం వడ్డీని, చివరి కంతును సరిచూసుకోవడం

ప్రశ్న: "బండి లోను ఈఎంఐ పట్టిక నా దగ్గర స్క్రీన్‌షాట్‌గా మాత్రమే ఉంది. అడుగున మొత్తం వడ్డీ ఎంతో వేయలేదు. కంతులన్నీ ఒకే మొత్తం, చివరిది మాత్రం దాదాపు వెయ్యి రూపాయలు ఎక్కువగా ఉంది. మొత్తం వడ్డీ ఎంతవుతుందో, ఆ చివరి కంతు సరైనదేనో ఈ బొమ్మ చూసి తేల్చుకోవచ్చా? ఊరు తిరుపతి."

జవాబు: తేల్చుకోవచ్చు. చిత్తూరులో టైలరింగ్ దుకాణం నడుపుతున్న మా అక్క కుట్టు మిషన్ల కోసం 2025 జూన్‌లో లక్ష రూపాయల లోను తీసుకున్నప్పుడు, ఆమె ఫోన్‌లో వచ్చిన పట్టికలోనూ చివరి కంతు ఇలాగే పెద్దదిగా కనిపించింది. ఆ లెక్కను నేనే కూర్చుని సరిచూశాను కనుక, ఆ అంకెలతోనే చెబుతాను. మీ అంకెలు వేరైనా దారి ఒకటే.

ఆమె లోను ఏడాదికి 12 శాతం వడ్డీకి, మిగిలిన అసలు మీదే వడ్డీ వేసే తగ్గే నిల్వ పద్ధతిలో, 24 నెలలకు ఇచ్చారు. ఈఎంఐ 4,707 రూపాయలు, చివరి కంతు 5,750 రూపాయలు. మొత్తం వడ్డీ తెలుసుకోవడానికి వడ్డీ కాలమ్‌ను వరుసగా కూడనవసరం కూడా లేదు. కట్టబోయే డబ్బంతా కూడి, అందులోంచి లోను మొత్తాన్ని తీసివేస్తే మిగిలేది వడ్డీయే. 4,707ను 23తో హెచ్చిస్తే 1,08,261 వస్తుంది, దానికి 5,750 కలిపితే 1,14,011 అవుతుంది, అందులోంచి లక్ష తీసివేస్తే వడ్డీ 14,011 రూపాయలు. వడ్డీ కాలమ్‌ను విడిగా కూడినప్పుడు కూడా ఇదే అంకె రావాలి. రాకపోతే పట్టికలోనైనా, మీరు దాన్ని ఎక్కించుకోవడంలోనైనా పొరపాటు ఉన్నట్టే.

స్క్రీన్‌షాట్‌తో వచ్చే ఇబ్బంది ఎక్కువగా ఎక్కించుకోవడంలోనే ఉంటుంది. ఫోన్‌లో బొమ్మ నుంచి అక్షరాలు తీసుకునే సదుపాయంతో అంకెలను స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చుకుంటే పని త్వరగా అవుతుంది, కానీ 0ను 6గా, 3ను 8గా చదవడం దానికి మామూలే. అందుచేత కంతు సంఖ్య A కాలమ్‌లో, ప్రారంభ నిల్వ Bలో, ఈఎంఐ Cలో, వడ్డీ Dలో, అసలు Eలో, ముగింపు నిల్వ Fలో ఉండేలా 2వ వరుస నుంచి 25వ వరుస దాకా పెట్టుకుని, పక్క గడుల్లో ఈ మూడు సూత్రాలు వేసి కిందికి లాగండి.

```
=C2-D2-E2
=B2-E2-F2
=B3-F2
```

అన్ని వరుసల్లోనూ సున్నా రావాలి. మూడోది మాత్రం పై వరుస ముగింపు నిల్వను కింది వరుస ప్రారంభ నిల్వతో పోలుస్తుంది కనుక, దాన్ని ఆఖరి వరుసలో వేయకూడదు. అక్క పట్టికలో తొమ్మిదో కంతు వడ్డీ 702 అయితే ఫోన్ 762గా చదివింది, మొదటి సూత్రం వెంటనే 60 రూపాయల తేడా చూపించింది. పక్కపక్క అంకెలు తారుమారైతే, ఉదాహరణకు 14,855 కాస్తా 14,585 అయితే, వచ్చే తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది. అలాంటి తేడా కనబడితే వడ్డీ రేటును అనుమానించే ముందు బొమ్మను పెద్దదిగా చేసి ఆ అంకెను మళ్లీ చూడండి.

పట్టిక ఒక తెరలో పట్టక రెండు మూడు స్క్రీన్‌షాట్లు తీసినప్పుడు అతుకు దగ్గర ఒక వరుస రెండుసార్లు రావడమో, పూర్తిగా జారిపోవడమో జరుగుతుంది. అసలు ఉన్న E కాలమ్ మొత్తాన్ని `=SUM(E2:E25)` తరహాలో, ఎన్ని వరుసలు ఎక్కితే అన్నింటినీ కలుపుకుని కూడితే ఇది బయటపడుతుంది. అక్క పట్టికలో ఆ మొత్తం సరిగ్గా 1,00,000 రావాలి. 1,04,127 వచ్చిందనుకోండి, ఎక్కువైన 4,127 పన్నెండో కంతులోని అసలు కనుక ఆ వరుసే రెండుసార్లు పడిందని తెలిసిపోతుంది.

ఇంతవరకూ సరిపోయాక చివరి కంతు సంగతి చూడాలి. చివరి కంతు మిగతావాటికి కొద్దిగా తేడాగా ఉండటం సహజం. ఈ లోనుకు కచ్చితమైన ఈఎంఐ 4,707 రూపాయల 35 పైసలు. పైసలు వదిలేసి 4,707 వసూలు చేస్తే, నెలనెలా తగ్గిన ఆ 35 పైసలు వడ్డీతో సహా పోగుపడి చివరి కంతులో చేరతాయి. అలా చేరాక చివరి కంతు ఎంత కావాలో కింది సూత్రం చెబుతుంది.

```
=FV(12%/12,23,4707,-100000)*(1+12%/12)
```

దీనికి జవాబు సుమారు 4,716. ప్రతి నెల వడ్డీని కూడా రూపాయికి సవరిస్తూ వరుసవారీగా వేస్తే 4,718 వస్తుంది. అంటే పైసల సవరణ వల్ల చివరి కంతు పది పన్నెండు రూపాయలు పెరిగింది. ఈఎంఐని దగ్గరి రూపాయికి, నెల వడ్డీని దగ్గరి రూపాయికి సవరించే పద్ధతిలో, 24 నెలల లోనుకు ఈ తేడా ఎంత ఎక్కువనుకున్నా పాతిక ముప్పై రూపాయలు దాటదు. కాబట్టి ఎవరైనా "అది రౌండింగ్ అండీ" అని వెయ్యి రూపాయల తేడాకు సమాధానం చెబితే దాన్ని ఒప్పుకోకండి, ఆ మాట లెక్కకు నిలవదు.

వెయ్యి రూపాయల మూలం చాలాసార్లు మొదటి వరుసలోనే దొరుకుతుంది. పట్టిక పక్కన ఈ సూత్రం వేసి చూడండి.

```
=D2-ROUND(B2*12%/12,0)
```

అక్క పట్టికలో రెండో కంతు నుంచి చివరిదాకా ఇది సున్నా చూపించింది, మొదటి కంతులో మాత్రం 822 చూపించింది. లక్షకు ఒక నెల వడ్డీ 1,000 కావలసిన చోట 1,822 వేశారు. కారణం తేదీల్లో ఉంది. డబ్బు ఖాతాలో పడింది జూన్ 10న, కంతు తేదీ ప్రతి నెలా 5, మొదటి కంతు ఆగస్టు 5న. జూలై 5 నుంచి ఆగస్టు 5 వరకు ఒక నిండు నెల, దానికి ముందు జూన్ 10 నుంచి జూలై 5 వరకు 25 రోజులు విడిగా మిగిలాయి. లక్షకు 12 శాతం చొప్పున రోజుకు 32 రూపాయల 88 పైసలు, 25 రోజులకు 822. లెక్క సరిగ్గా సరిపోయింది. ఈ విడి రోజుల వడ్డీని కొందరు ముందే పట్టుకుంటారు, కొందరు మొదటి కంతుతో కలిపి ఎక్కువగా వసూలు చేస్తారు, ఇక్కడ మాత్రం మొదటి కంతు కూడా 4,707గానే ఉంచి, వడ్డీ పెరిగిన మేరకు అసలును తగ్గించారు. అలా తీరకుండా ఉండిపోయిన 822 రూపాయలు నెలకు ఒక శాతం చొప్పున 23 నెలలు పెరిగి సుమారు 1,032 అయ్యాయి. 4,718కి 1,032 కలిపితే 5,750.

అంటే చివరి కంతు తప్పు కాదు, కానీ దాని వెనుక ఉన్న ఖర్చు ఎక్కడా మాటల్లో రాసి లేదు. నన్ను బాధించేది ఇదే: చీరకు ఫాల్ కుట్టి పైసా పైసా కూడబెట్టే మనిషి, రెండేళ్ల తరువాత వచ్చే పెద్ద కంతు ఎందుకు వచ్చిందో అడిగి తెలుసుకోవలసిన పరిస్థితి ఉండకూడదు.

మీ పట్టికలోనూ మొదటి వరుసలో ఇలాంటి అదనం కనబడితే, దాన్ని రోజు వడ్డీతో భాగించండి. వచ్చే సంఖ్య విడి రోజుల సంఖ్య కావాలి, ఆ రోజులు డబ్బు మీ ఖాతాలోకి లేదా షోరూం వారికి నిజంగా చేరిన తేదీ నుంచే మొదలు కావాలి. ఇది ముఖ్యమైన విషయం, ఎందుకంటే లోను మంజూరైన తేదీ నుంచో, ఒప్పందం రాసుకున్న తేదీ నుంచో వడ్డీ వేయడాన్ని రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్ 29 నాటి సర్క్యులర్‌లో తప్పుపట్టింది. అక్క ఒప్పందం మీద సంతకం చేసింది జూన్ 3న. ఆ తేదీ నుంచి లెక్క వేసి ఉంటే 32 రోజులయ్యేవి, అదనపు వడ్డీ 1,052 అయ్యేది, భాగహారంలో 25 బదులు 32 వచ్చి సంగతి అక్కడే బయటపడేది.

ఒక పరిమితి చెప్పాలి. కొన్ని సంస్థలు ప్రతి నెలా ఆ నెలలో నిజంగా ఉన్న రోజుల సంఖ్యను బట్టి వడ్డీ వేస్తాయి. అప్పుడు పై సూత్రం 31 రోజుల నెలల్లో కొంచెం ఎక్కువ, ఫిబ్రవరిలో బాగా తక్కువ చూపిస్తుంది. తేడాలు అలా క్యాలెండరును అనుసరించి పెరిగి తగ్గుతూ ఉంటే, 12 శాతాన్ని 12తో కాక 365తో భాగించి ఆ నెల రోజులతో హెచ్చించి చూడండి. ఆ తేడాలకు, మొదటి వరుసలో ఒక్కసారిగా కనిపించే పెద్ద మొత్తానికి పొంతన ఉండదు.

ఇప్పటిదాకా కట్టిన వడ్డీ ఎంతో కావాలంటే కట్టిన కంతుల వరకే D కాలమ్‌ను కూడండి. అక్క పట్టికలో మొదటి 12 కంతులకే 10,387 రూపాయలు వడ్డీ కింద పోతాయి, అంటే సగం కాలంలో మొత్తం వడ్డీలో దాదాపు నాలుగింట మూడు వంతులు. అయితే పట్టిక కట్టవలసినది మాత్రమే చెబుతుంది. ఏదైనా కంతు వెనక్కి వెళ్లి ఉంటే జరిమానా అందులో కనిపించదు, దానికి లోను ఖాతా స్టేట్‌మెంటు తెప్పించుకోవాలి.

అక్క మొదటి కంతు తేదీకి ముందే బ్రాంచికి వెళ్లి, ఆ 822 రూపాయలను విడిగా కట్టేస్తానని రాసి ఇచ్చింది. వాళ్లు తీసుకుని కొత్త పట్టిక ఇచ్చారు. అందులో చివరి కంతు 4,718, మొత్తం వడ్డీ 12,979. కట్టిన 822 కలుపుకుంటే 13,801, పాత లెక్క కంటే 210 రూపాయలు తక్కువ. మీకు కొన్ని కంతులు అయిపోయి ఉంటే అదే మొత్తాన్ని ఇప్పుడు అసలు కింద జమ చేయించుకోవచ్చు, ఆదా కొంత తగ్గుతుంది. పాక్షిక చెల్లింపుకు రుసుము ఉందేమో ముందు అడగండి, రెండు వందల ఆదా కోసం అంతకు మించిన రుసుము కట్టడం దండగ.

మీ లోను 2024 అక్టోబర్ 1న గానీ ఆ తరువాత గానీ మంజూరైనదైతే, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే పత్రాన్ని, దానితోపాటు కంతుల పట్టికను సంస్థ మీకు ఇచ్చి ఉండాలి. యాప్‌లోని స్క్రీన్‌షాట్‌ను దానితో పోల్చండి. రెండింటిలో చివరి కంతు వేరువేరుగా ఉంటే, మొదటి వరుస వడ్డీని, డబ్బు విడుదలైన తేదీని పేర్కొంటూ వివరణ ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. మీ పట్టిక మొదటి రెండు వరుసలు, చివరి వరుస, లోను విడుదలైన తేదీ ఇక్కడ పెడితే, ఖాతా సంఖ్య, పేరు మాత్రం చెరిపేసి పెట్టండి, నేను కూడా ఒకసారి లెక్క వేసి చూస్తాను.