సంవత్సరాంతంలో సంఘానికి రాసే ఉత్తరంలో మన తప్పుల సంగతి ఎలా రాయాలి?

ప్రశ్న: "విశాఖలో ఒక చిన్న సంఘానికి కాపరిగా వచ్చి రెండేళ్లయింది. ఏడాది చివర్లో సంఘానికి ఉత్తరం రాసి చదివే ఆనవాయితీ ఉంది. ఈ ఏడు మందిరం పని మధ్యలో ఆగింది, ఆరాధనకు వచ్చేవాళ్లు తగ్గారు. ఉన్నదున్నట్టు రాస్తే జనం కుంగిపోతారేమోనని టెన్షన్‌గా ఉంది. రాయకపోతే మనస్సాక్షి ఒప్పుకోవట్లేదు. ఎలా రాయాలి?"

వందనాలు బ్రదర్. నేను గాజువాక వైపు ఒక సంఘానికి కాపరిని. పదేళ్లకు పైగా ప్రతి డిసెంబరులో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటి ఉత్తరం 2014లో రాశాను. ఆ ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద పడింది. అది ఆదివారం. ఆ రోజు మాకు ఆరాధన లేదు, మందిరం రేకులు సగం ఎగిరిపోయాయి. తర్వాతి ఆదివారం ఒక పెద్దాయన ఇంటి వాకిట్లో చాపలేసుకుని కూర్చున్నాం. అంత నష్టం జరిగినా ఆ ఉత్తరం ఒక్క రాత్రిలో రాసేశాను. జరిగిన దాంట్లో మా తప్పేమీ లేదు కాబట్టి కలం ఎక్కడా ఆగలేదు. తుఫాను వచ్చింది, దేవుడు కాపాడాడు, రేకులు మళ్లీ వేసుకున్నాం, అంతే.

కష్టమైన ఉత్తరం కొన్నేళ్ల తర్వాత వచ్చింది. రేకుల స్థానంలో స్లాబు వేద్దామని మొదలుపెట్టి, కాంట్రాక్టరుకు 3 లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. తెలిసినవాడే కదా అని కాగితం రాయించుకోలేదు. అతను సెంట్రింగ్ సగం కట్టి వెళ్లిపోయాడు. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఆ 3 లక్షల్లో 85 వేలు విధవరాళ్ల సహాయ నిధిలోవి. రెండు నెలల్లో తిరిగి వేసేద్దాం అనుకుని, నేనూ ముగ్గురు పెద్దలూ కలిసి సంఘంతో చెప్పకుండా తీశాం.

డిసెంబరులో ఉత్తరం రాయడానికి కూర్చుని, తుఫాను సంవత్సరం అలవాటు కొద్దీ ఇలా రాశాను: "శత్రువు అనేక ఆటంకాలు కలిగించినందువల్ల, కొన్ని ఆర్థిక ఇబ్బందుల వల్ల మందిర నిర్మాణం ఆలస్యమైంది. ప్రార్థించండి." మా కోశాధికారి చదివి కాగితం నా చేతికిచ్చి, "అయ్యగారూ, ఇది చదివితే డబ్బులు చాలలేదనుకుని జనం ఇంకో కానుక ఇస్తారు. డబ్బులు ఉన్నాయి కదండీ. మనమే తప్పుగా ఇచ్చాం. సైతాను వచ్చి సంతకం పెట్టలేదు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ చిత్తు ప్రతిలో కూడా ముందు ఈ మాటల కోసమే వెతకండి: ఆటంకాలు, శోధనలు, కొన్ని కారణాల వల్ల, ఆలస్యమైంది. ఇవన్నీ తుఫానుకు వాడే మాటలు. మనం చేసిన పనికి వాడితే, చేసిన మనిషి ఆ వాక్యంలో కనబడడు.

తిరగరాసిన పేరా ఇది. నా దగ్గర ఇంకా ఉంది, ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"స్లాబు పని ఏప్రిల్‌లో మొదలై జూలైలో ఆగింది. కాగితం రాయించుకోకుండా 3 లక్షలు ముందుగా ఇచ్చాం. అందులో 85 వేలు విధవరాళ్ల సహాయ నిధిలోవి. ఆ నిధిని మరో పనికి వాడకూడదని తెలిసి కూడా, మీతో చెప్పకుండా నేనూ ముగ్గురు పెద్దలూ తీశాం. ముందు సరే అన్నది నేను. దీనివల్ల ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పదకొండు మంది తల్లులకు నెలనెలా అందే సాయం సగమే అందింది. నేను వాళ్ల ఇళ్లకు వెళ్లి క్షమాపణ అడిగాను. నవంబరు నుంచి పూర్తి సాయం ఇస్తున్నాం. తీసిన దాంట్లో 30 వేలు నిధిలో తిరిగి వేశాం, మిగిలిన 55 వేలు మార్చి లోపు వేస్తాం. ఇకమీదట ఒక నిధిలోని రూపాయి ఇంకో పనికి తీయాలంటే ముందు సంఘ కూటంలో అడుగుతాం."

ఇందులో ఒక వరుస ఉంది. ఏం జరిగింది, ఎవరు చేశారు, దానివల్ల ఎవరికి కష్టం కలిగింది, ఇప్పటికే ఏం చేశాం, ఇంకా ఏం మిగిలింది. వీటిలో మూడోదాన్నే చాలామంది వదిలేస్తారు. మందిరం ఆగిందంటే అందరికీ బాధే, కానీ సగం సాయంతో మూడు నెలలు నెట్టుకొచ్చిన తల్లికి జరిగిన నష్టం వేరు. ఆమె ఆ ఆదివారం ముందు వరుసలో కూర్చుని వింటుంది. అందుకే ఉత్తరం చదవకముందే ఆ పదకొండు ఇళ్లకూ వెళ్లాను. అందరి ముందు క్షమాపణ వినిపించి, ఆమె దగ్గరికి వెళ్లకపోతే అది క్షమాపణ కాదు. కాంట్రాక్టరు పేరు మాత్రం రాయలేదు. అతని దగ్గర డబ్బు రాబట్టే పని పెద్దలు వేరేగా చూశారు.

జనం తగ్గడం గురించి. సభ్యుల రిజిస్టరు చూసి రాయకండి, అందులో పేర్లు తగ్గవు. మాకు నమ్మకమైన లెక్క ఒకటే ఉంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనానికి నింపిన చిన్న గిన్నెల్లోంచి మిగిలినవి తీసేస్తే ఎంతమంది తీసుకున్నారో తెలుస్తుంది. ఆ ఏడు జనవరిలో 212, నవంబరులో 151. ఈ రెండు అంకెలు మాత్రమే రాస్తే సంఘం కూలిపోతోందని అనిపిస్తుంది. అందుకని నవంబరంతా సాయంత్రాలు తిరిగి, ఆ 61 మంది ఎక్కడున్నారో కనుక్కున్నాను. 23 మంది ఉద్యోగాలకనీ చదువులకనీ హైదరాబాదు, చెన్నై వెళ్లారు. 14 మంది ముసలితనం వల్లో జబ్బు వల్లో ఇల్లు కదలలేకపోతున్నారు. 24 మంది ఊళ్లోనే ఉండి రావడం మానేశారు, వాళ్లలో ఎక్కువ మంది ఆ స్లాబు గొడవకే మనసు విరిగి మానేశారు.

ఇలా విడదీశాక రాయడానికి దారి దొరికింది. వెళ్లినవాళ్లను నష్టం అనలేదు, పంపించాం అని రాశాను. కదలలేని వాళ్ల దగ్గరికి నెలకొకసారి ప్రభురాత్రి భోజనం తీసుకెళ్లడం మొదలుపెట్టామని రాశాను. ఆ 24 మంది గురించి, "వాళ్లు మమ్మల్ని విడిచిపెట్టలేదు, మేమే వాళ్ల నమ్మకాన్ని పోగొట్టుకున్నాం" అని రాశాను. సంఖ్య తప్ప పేర్లు, ఇళ్లు, ఇంకే వివరమూ రాయలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అంతకు ముందొక ఏడాది, "ఒక కుటుంబం ఆస్తి తగాదాతో విడిపోయింది, వారి కోసం ప్రార్థిద్దాం" అని పేరు లేకుండానే రాశాను. నూట ఇరవై గడపల సంఘంలో అది ఎవరి ఇల్లో అందరికీ తెలుసు. కూడిక అయ్యాక ఆ ఇంటి చెల్లెమ్మ వచ్చి, "మా ఇంటి సంగతి మైకులో చదివారేంటి అయ్యగారూ" అని ఏడ్చింది. సంఘంగా మనం చేసినవే ఉత్తరంలోకి రావాలి, ఇళ్లలో జరిగినవి రాకూడదు. ఆ ఏడాది నిద్రించిన వాళ్ల పేర్లు మాత్రం ఇంటివాళ్లను అడిగి రాస్తాను, పేరూ తేదీ అంతే. ఎలా పోయారన్నది రాయను.

ఇక చివరి పేరా. అందరూ ఎబెనెజరు మాటతోనే ముగిస్తారు, నేనూ అంతే. కాకపోతే ఆ మాట ఎక్కడిదో ఒకసారి చూడండి. మొదటి సమూయేలు 7వ అధ్యాయంలో సమూయేలు రాయి నిలిపి ఆ పేరు పెట్టాడు. 4వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయి, మందసాన్ని కూడా పోగొట్టుకున్నారు. అప్పుడు వాళ్లు దిగిన చోటు పేరు కూడా ఎబెనెజరే. ఓటమికి గుర్తుగా ఉన్న పేరునే సమూయేలు సహాయానికి పెట్టాడు. పైగా "ఇంతవరకు" అన్నాడు. వచ్చే ఏడాది గురించి ఆ రాయి మీద ఏమీ లేదు. వాగ్దాన వచనం ఎలాగూ వాచ్ నైట్‌లో కార్డు మీద ఇస్తాం. అందుకే ఈ ఉత్తరంలో "వచ్చే క్రిస్మస్‌కు మందిరం పూర్తవుతుంది" లాంటి మాట రాయను. అప్పటికే మొదలైనదాన్నే ఆశగా చూపిస్తాను. ఆ ఏడు చివరి పేరాలో రాసింది ఇది: "సగం కట్టిన సెంట్రింగ్ కింద మన సండే స్కూలు పిల్లలు ఆగస్టు నుంచి కూర్చుంటున్నారు, ఎండ తగలడం లేదని. మానేసిన 24 మందిలో నలుగురు పోయిన ఆదివారం వచ్చారు. ఇంతవరకు ఆయన సహాయం చేశాడు."

చదవడం సంగతి. 31 రాత్రి చదవకండి. పిల్లలు నిద్రలో ఉంటారు, పెద్దల మనసు పన్నెండు గంటల మీద ఉంటుంది. చివరి ఆదివారం ప్రకటనల తర్వాత చదవండి. ఒక కాగితానికి రెండు వైపులా సరిపోయేంతే రాయండి, పైకి చదివితే ఎనిమిది, తొమ్మిది నిమిషాలు పడుతుంది. అక్షరాలు పెద్దవిగా వేయించండి. చదువు రానివాళ్లకూ, ఊరు వదిలి వెళ్లినవాళ్లకూ మీ గొంతుతో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపండి. జమాఖర్చులు ఇందులో కలపకండి, వాటిని వేరే కాగితంగా సర్వసభ్య సమావేశంలో పెట్టండి. తప్పు గురించిన పేరాను మాత్రం వారం ముందే పెద్దలందరికీ చదివి వినిపించండి. మా వాళ్లలో ఒకరు "మా సంఖ్య తీసేసి 'పెద్దలు' అని రాయండి" అన్నారు. అలా రాస్తే అసలు సంబంధం లేని మిగతా పెద్దల మీద కూడా నింద పడుతుందని చెబితే ఒప్పుకున్నారు.

ఆ ఆదివారం చదువుతుంటే నా గొంతు రెండుసార్లు ఆగింది. ఎవరూ లేచి వెళ్లలేదు. ముందు వరుసలోని ఒక తల్లి కూడిక అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "నిధిలో ఎంత పడిందో నెలనెలా చెప్పండయ్యా" అంది. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం చెబుతూ వచ్చాం. మార్చి లోపు వేస్తామన్న 55 వేలు జూన్‌కి గానీ పూర్తిగా పడలేదు. తర్వాతి ఏడాది ఉత్తరం ఆ మాటతోనే మొదలుపెట్టాను.