అన్నకు మెయిల్ ఎలా రాయాలి?

"నాకు 35 ఏళ్లు. డాలస్‌లో ఉంటున్నాం. మా పక్క ఊరాయన పెట్టిన కన్సల్టెన్సీలో ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను. ఆయన్ని అన్నా అనే పిలుస్తాను. పగలంతా క్లయింట్ పని, రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా హైదరాబాద్ టీమ్‌తో కాల్స్, శనివారాలు అన్న సొంత పనులు. పోయిన శీతాకాలం ప్రాజెక్టు లేక రెండు నెలలు జీతం రాలేదు. అడగలేదు. నా హెచ్1బీ వీసా ఆయన చేతిలో ఉంది. 2021లో గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది. నోరెత్తితే ఉద్యోగం పోయి, పిల్లాడితో సహా దేశం వదలాల్సి వస్తుందని భయం. అన్న మనసు నొప్పించకుండా పని తగ్గించమని మెయిల్ ఎలా రాయాలి?"

మెయిల్ నేను రాసిపెట్టను. ఎంత మెత్తగా రాసినా "చూద్దాం తమ్ముడూ" అని జవాబొస్తుంది, ఆ రాత్రి పదింటికి కాల్ కూడా వస్తుంది.

మీ ఉత్తరంలో వీసా మాట ఒక్కసారి ఉంది. అన్న మూడుసార్లు ఉన్నాడు. మీ భార్య ఒక్కసారి కూడా లేదు. మీరు దిగిన రోజు ఆయనే ఎయిర్‌పోర్టుకు వచ్చి ఉంటారు, వాళ్లావిడ పప్పన్నం పెట్టి ఉంటుంది. ఆ రుణం నిజమే, కాదనను. ఆయన ఇంట్లో శుభకార్యానికి నాలుగు రోజుల ముందే వెళ్లి అరిటాకులు కడగండి, తీరుతుంది. రెండు నెలల జీతం వదులుకుని తీర్చేది కాదది. తోడబుట్టినవాడైతే ఆ రెండు నెలలూ తమ్ముడింట్లో పొయ్యి ఎలా వెలిగిందని అడిగేవాడు. ఈయన మీకు యజమాని. అలా చూడటం మొదలుపెడితేనే మిగతావి కనిపిస్తాయి.

రాత్రి కాల్స్ గురించి ముందే చెప్పేస్తాను. నెలజీతం మీద కంప్యూటర్ ఉద్యోగం చేసే చాలామందికి అమెరికా చట్టం ఓవర్‌టైమ్ ఇమ్మనదు. వారానికి ఇన్ని గంటలే చేయించాలన్న హద్దూ లేదు. ఆ దారిలో ఫిర్యాదు పెద్దగా నిలబడదు. కానీ జీతం ఆపడం వేరు. ప్రాజెక్టు లేకపోవడం కంపెనీ బాధ్యత, హెచ్1బీ మీద ఉన్నవాణ్ణి జీతం లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టకూడదు. దీని మీద లేబర్ శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి డబ్ల్యూహెచ్-4 ఫారంతో ఫిర్యాదు చేయవచ్చు, చేశారని కక్ష సాధించడం కూడా చట్టవిరుద్ధమే. గడువు 12 నెలలు. పోయిన శీతాకాలం అంటున్నారు, ఆ లెక్క ఇప్పటికే నడుస్తోంది.

ఇక మీ భయం. ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటితే, అన్న కోపంతో వెనక్కి తీసుకున్నా మామూలుగా అది రద్దవదు. గ్రీన్‌కార్డు క్యూలో మీ స్థానం చెప్పే ప్రయారిటీ డేట్ మీదే. కొత్త కంపెనీ పర్మ్ అనే లేబర్ సర్టిఫికేషన్, ఐ-140 మళ్లీ మొదటినుంచి చేయాలి, అది తలనొప్పే, కానీ క్యూలో మీ స్థానం పోదు. హెచ్1బీకి ఉన్న ఆరేళ్ల హద్దు దాటినా ఆ పాత ఐ-140 ఆధారంగానే హెచ్1బీ పొడిగింపు దొరుకుతుంది. ఉద్యోగం పోతే ఉండేది 60 రోజుల వరకే, దేశంలో ఉండే గడువు చూపే ఐ-94 ముందే ముగిస్తే ఇంకా తక్కువ. అందుకే ఉద్యోగంలో ఉండగానే వెతకండి. కొత్త కంపెనీ పిటిషన్ వేసి, అది అందాక అక్కడ చేరిపోవచ్చు. దానికి అన్న సంతకం అక్కర్లేదు.

చిక్కు ఒకటుంది. ట్రాన్స్‌ఫర్ సమయంలో పే స్టబ్‌లు అడుగుతారు, మీకు రెండు నెలలవి లేవు. ఆ ఖాళీ మీ తప్పు కాదని చూపించడానికి ఆ రోజుల మెయిళ్లు, వాట్సాప్ సందేశాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పనికొస్తాయి. వాటిని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కాదు, ఇంట్లో దాచండి. ఐ-140 నోటీసు కంపెనీకి వెళ్తుంది కాబట్టి మీ దగ్గర కాపీ లేకపోవచ్చు, కనీసం రిసీట్ నంబరైనా సంపాదించండి. ఇవన్నీ మీ డబ్బుతో మీరు పెట్టుకున్న లాయరుకు చూపించండి, అన్న లాయరుకు కాదు.

ఈ విషయాలన్నీ మీ ఆవిడకు తెలుసా? ఆవిడ మీ మీద ఆధారపడ్డ హెచ్4 వీసా మీద ఉంటే, మీ ఐ-140 వల్ల పని అనుమతికి అర్హురాలు. దానికి దరఖాస్తు చేశారో లేదో కూడా మీరు రాయలేదు. రెండు నెలలు జీతం రాలేదని ఆవిడకు చెప్పకుండా క్రెడిట్ కార్డు మీద నడిపించి ఉంటారని నా అనుమానం. ఇంటాయన మోయాల్సిందే అనే గొప్ప నాకు నచ్చదు. ఇవాళ రాత్రి పది గంటల కాల్ ఎత్తకుండా ఆవిడ పక్కన కూర్చుని ఆ స్టేట్‌మెంట్లు తెరవండి.