నుమాయిష్ పట్టీ

చిరంజీవి మనవరాలికి,

నీ ఉత్తరం అందింది. నాంపల్లి నుమాయిష్‌లో మొదటిసారి సొంతంగా బేరమాడి, ఎంత మిగిలిందో పట్టీ వేసి మరీ పంపావు. శాలువా చెప్పింది 1,200, ఇచ్చింది 700. మూడు డజన్ల గాజులు చెప్పింది 360, ఇచ్చింది 300. "శాలువా మీద 71 శాతం మిగిల్చాను తాతయ్యా" అని రాసి కింద గీత కూడా గీశావు. నలభై ఏళ్లు బట్టల కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడిని కదా, నా కన్ను ఆ 71 మీదే ఆగిపోయింది.

మిగిలిన 500ని నువ్వు ఇచ్చిన 700తో భాగించావు. భాగించవలసింది కొట్టువాడు చెప్పిన 1,200తో. అప్పుడు దాదాపు 42 శాతం వస్తుంది. గాజులకైతే 60ని 360తో భాగించు, 17కు కాస్త తక్కువ.

ఆ 42ని కూడా నేను నమ్మను. 1,200 అన్నది అతని నోటిమాట. అతను 2,000 అని ఉంటే, నువ్వు అదే 700 ఇచ్చి 65 శాతం మిగిలిందని మురిసిపోయేదానివి. శాలువా మారలేదు, నీ పర్సులోంచి పోయిన డబ్బూ మారలేదు. అందుకే పట్టీలో ఇంకో గడి గీయి: అదే సరుకు పక్క కొట్లలో ఎంత? తిరిగి వస్తుంటే రెండు వరుసల అవతల అలాంటిదే 650కి ఇస్తామన్నారని నువ్వే రాశావు. ఆ గడి ప్రకారం నీకు మిగిలింది ఏమీ లేదు, 50 పోయింది.

ఈసారి వెళ్లినప్పుడు మొదటి చుట్టులో పర్సు తీయకు. మూడు చోట్ల ధర అడిగి రాసుకో. ఆ తక్కువ ధర కన్నా కొంచెం కిందనుంచి బేరం మొదలుపెట్టు. కానీ నోట అన్న ధరకు అతను ఒప్పుకుంటే కొనితీరాలి, వెనక్కి తగ్గితే బజారులో మర్యాద కాదు. కుదరకపోతే నెమ్మదిగా నడిచి వెళ్లిపో. వెనక్కి పిలిచాడా, ఇంకా తగ్గే వీలుంది. పిలవలేదా, నువ్వు అడిగింది అతనికి గిట్టదు. కొట్టు తెరవగానే వెళితే బోణీ బేరం వదులుకోవడానికి చాలామంది ఇష్టపడరు. బుట్టలో పెట్టుకుని అమ్మే ముసలామె దగ్గర మాత్రం ఈ విద్య చూపించకు.

పోల్చేటప్పుడు సరుకు ఒకటేనా అని చూడు. 700కి అసలు పశ్మీనా రాదు. అంచులో ఊడిన పోగు ఒకటి ఇంట్లో కాల్చి చూడు. కాలిన వెంట్రుకల వాసన వస్తే ఉన్ని, కరిగి గట్టి పూసలా మారితే అక్రిలిక్.

ఫిబ్రవరిలో మూసేలోగా ఇంకోసారి వెళతావు కదా, నానమ్మకు మఫ్లరు ఒకటి తీసుకురా. మూడు ధరలూ రాసి పంపు.

ఇట్లు,
తాతయ్య